అపోహలు - వాస్తవాలు: "వేరియబుల్ కూడా జీతమే కదా అక్కా?"

నెల్లూరులో కంపెనీలకు మనుషుల్ని తీసుకునే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. రెండు ఆఫర్ లెటర్లు ఫోన్‌లో పెట్టుకుని, ఏది తీసుకోవాలో తేలక నిద్ర లేకుండా వచ్చే పిల్లలు వారానికి ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. "సీటీసీ ఎక్కడ పెద్దదుంటే అక్కడికి పో" అని సలహా ఇచ్చి పంపేవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: సీటీసీ పెద్దదైతే ఆఫర్ పెద్దదే.

వాస్తవం: వేరియబుల్ అనేది షరతులు తీరితే వచ్చే డబ్బు. లెటర్‌లో సీటీసీ కింద కలిపి చూపేది దాని పూర్తి అంకె మాత్రమే.

మొన్న కావలి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. రెండూ రొయ్యల మేత కంపెనీల్లో సేల్స్ ఉద్యోగాలే. మొదటిదాంట్లో ఫిక్స్‌డ్ 6 లక్షలు, వేరియబుల్ 60 వేలు. రెండోదాంట్లో ఫిక్స్‌డ్ 4.8 లక్షలు, వేరియబుల్ 3 లక్షలు. "ఏందక్కా ఆలోచించేది, ఇది ఏడూ ఎనభై కదా" అన్నాడు.

కాగితం తీసి ఒకటే లెక్క వేశాం. ఫిక్స్‌డ్‌లో తేడా 1.2 లక్షలు. మొదటి కంపెనీ కిందటేడు వేరియబుల్‌లో 90 శాతం ఇచ్చిందట, అంటే 54 వేలు. రెండూ కలిపితే 1.74 లక్షలు. రెండో కంపెనీ తన 3 లక్షల్లో 58 శాతం చేతికిస్తేనే ఇద్దరూ సమానం. ఇక ప్రశ్నల్లా ఒకటే: ఆ సీట్లో కూర్చున్న మనిషికి కిందటేడు 58 శాతం వచ్చిందా?

రెండో కంపెనీలో అదే ఏరియా చూసుకుని మానేసిన సేల్స్ ఆఫీసర్‌కి ఫోన్ చేయించాను. ఆయన స్లాబ్ చెప్పాడు. టార్గెట్‌లో 80 శాతం చేరకపోతే ఆ క్వార్టర్‌కి సున్నా. 80 చేస్తే సగం, అక్కడి నుంచి పెరుగుతూ 100కి పూర్తి. క్వార్టర్‌కి 75 వేలు. ఆయన వరసగా 100, 84, 62, 80 శాతం చేశాడు. వచ్చింది 75 వేలు, 45 వేలు, సున్నా, 37,500. మొత్తం 1,57,500. సగటున 81 శాతం పైగా టార్గెట్ కొట్టిన మనిషికి వేరియబుల్ అందింది 52 శాతం చిల్లర. రెండో ఆఫర్ 6.37 లక్షల దగ్గర ఆగింది, మొదటిది 6.54 లక్షలు.

ఆ 62 శాతం ఆయన పనిచేయక కాదు. చలికాలంలో గుంటలు ఖాళీగా ఉంటే మేత ఎవరు కొంటారు? టార్గెట్ మాత్రం నాలుగు క్వార్టర్లకీ ఒకటే. పైగా ఆ కంపెనీలో లెక్క అమ్మకం మీద కాదు, వసూలు మీద. మేత అప్పు మీద పోతుంది, పట్టుబడి అయ్యాకే డబ్బు తిరిగొస్తుంది. చెరువుకు తెల్లమచ్చ రోగం తగిలితే రైతు నష్టం మీ ఇన్సెంటివ్ దాకా వస్తుంది.

అందుకే హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి: ఇదే పోస్టులో కిందటేడు ఎంత శాతం ఇచ్చారు, ఎంత కంటే తగ్గితే సున్నా, తప్పిన క్వార్టర్‌ని ఏడాది చివర సర్దుతారా, మొదటి ఆరు నెలలకి కొంతైనా గ్యారంటీ ఇస్తారా. "అందరికీ వస్తుంది" అని నోటిమాటగా చెబితే దాన్ని లెక్కలో వేయకండి.

అపోహ: ఏడాది పనిచేస్తే ఆ ఏడాది వేరియబుల్ నాదే.

వాస్తవం: చాలా లెటర్లలో, డబ్బు ఇచ్చే రోజున మీరు ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు అని రాసి ఉంటుంది. ఇది నాకే జరిగింది. ఒంగోలులో నా రెండో ఉద్యోగంలో మార్చి దాకా పనిచేసి ఏప్రిల్‌లో రాజీనామా ఇచ్చాను. వేరియబుల్ ఇచ్చేది జూన్‌లో. నాన్న కంటి ఆపరేషన్‌కి ఆ డబ్బే అనుకున్నాం, ఒక్క రూపాయి రాలేదు. లెటర్ మూడో పేజీలో ఆ వాక్యం ఉంది, నేను చదవలేదు.

అపోహ: వేరియబుల్‌కి టాక్స్ ఎక్కువ.

వాస్తవం: జీతం ఏ స్లాబో అదీ అంతే. వచ్చిన నెలలో టీడీఎస్ ఎక్కువగా కనబడుతుంది, ఏడాది మొత్తానికి లెక్క ఒకటే. కొత్త విధానంలో 2025-26 నుంచి ఇంకే ఆదాయమూ లేకుండా జీతం 12.75 లక్షల లోపుంటే పన్నే పడదు.

అపోహ: హోమ్ లోన్‌కి సీటీసీ చూస్తారు.

వాస్తవం: చాలా బ్యాంకులు ఫిక్స్‌డ్‌నే చూస్తాయి. వేరియబుల్‌ని లెక్కలోకి తీసుకున్నా, గతంలో వచ్చినట్టు రుజువు అడిగి అందులో కొంతే కలుపుతాయి.

కావలి అబ్బాయికి ఇంట్లో బంగారం లోన్, చెల్లెలి ఫీజు కలిపి నెలకి 17 వేలు కట్టాలి. రెండోదాంట్లో నెలకి వచ్చే 40 వేల ఫిక్స్‌డ్‌లో పీఎఫ్, గది అద్దె, బండి పెట్రోలు పోతే ఇన్సెంటివ్ రాని క్వార్టర్‌లో అది కట్టలేడు. రెండో కంపెనీని రెండు క్వార్టర్ల గ్యారంటీ అడిగాడు, కుదరదన్నారు. సోమవారం మొదటిదాంట్లో చేరాడు.