టెంపరేచర్ టవర్: అందంగా వచ్చిన అంతస్తే సరైనదా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ దగ్గర మాది చిన్న త్రీడీ ప్రింటింగ్ షాపు. ఫిలమెంట్, అంటే ప్రింటింగ్‌కి వాడే ప్లాస్టిక్ తీగ, చుట్టిన కొత్త స్పూల్ విప్పిన ప్రతిసారీ అసలు పని మొదలుపెట్టే ముందు ఒక టెంపరేచర్ టవర్ వేస్తాం. అంతస్తులుగా ఉండే చిన్న బొమ్మ అది. కింది అంతస్తు ఎక్కువ వేడిలో వస్తుంది, పైకి వెళ్లేకొద్దీ ఒక్కో అంతస్తుకు 5 డిగ్రీలు తగ్గుతుంది. అన్ని అంతస్తులూ పక్కపక్కన పెట్టి చూసి, ఈ ఫిలమెంట్‌కి నాజిల్ ఎంత వేడిలో ఉండాలో తేల్చుకుంటాం. వేయడం తేలికే. వచ్చిన టవర్‌ని చదవడంలోనే చాలామంది పొరపాటు పడతారు. నేనూ పడ్డాను, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బా మీద రేంజ్ రాసే ఉంటుంది, మధ్య అంకె పెట్టుకుంటే చాలు.

ఆ రేంజ్ అబద్ధం కాదు. కాకపోతే అది ప్లాస్టిక్ గురించి చెబుతుంది, మీ మిషన్ గురించి కాదు. స్క్రీన్ మీద 235 అని కనిపించేది హీటర్ బ్లాక్‌లో ఉన్న సెన్సార్ చెప్పే మాట. ప్లాస్టిక్ కరిగి బయటికి వచ్చేది నాజిల్ మొనలోంచి. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక్కో మిషన్‌లో ఒక్కోలా ఉంటుంది. ఇత్తడి నాజిల్ తీసి స్టీల్ నాజిల్ బిగించినా తేడా వస్తుంది, ఎందుకంటే స్టీలు ఇత్తడంత బాగా వేడిని మొనదాకా తీసుకురాదు. అప్పుడు కొన్ని డిగ్రీలు పెంచాల్సి వస్తుంది. ఒకే కంపెనీలో నలుపు రంగుకీ తెలుపు రంగుకీ కూడా సరిపోయే వేడి తేడాగా ఉండటం మా షాపులో చాలాసార్లు చూశాం. మా రెండు మిషన్లలో ఒకే స్పూల్ వాడినా రెండు అంకెలు రాసుకోవాల్సి వస్తుంది.

అపోహ: అన్నింటికంటే శుభ్రంగా కనిపించే అంతస్తే సరైన టెంపరేచర్.

ఈ అపోహ వల్లే నాకు దెబ్బ తగిలింది. లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి ఒక పెద్దాయన వచ్చి వైరింగ్ క్లిప్పులు 40 కావాలన్నారు. ఒక్కో క్లిప్పునీ బోల్టుతో ఛాసిస్‌కి బిగించాలి. పీఈటీజీ అనే ప్లాస్టిక్‌లో కొత్త నల్ల స్పూల్ తెరిచాం. డబ్బా మీద 220 నుంచి 250 అని ఉంది. 250తో మొదలుపెట్టి 220 దాకా ఏడు అంతస్తుల టవర్ వేశాం.

వచ్చింది ఇలా ఉంది. 250, 245 అంతస్తుల్లో స్తంభాల మధ్య సాలెగూడులా సన్నటి దారాలు, వాలుగా ఉన్న అంచులు కిందికి జారిపోయాయి. 240లో అక్కడక్కడా వెంట్రుకల్లాంటి పోగులు, పైన మంచి మెరుపు. 235, 230 శుభ్రంగా ఉన్నాయి. 225లో ఒక్క దారం లేదు, అంకెలు చెక్కినట్టు వచ్చాయి, కాస్త మెరుపు తగ్గింది. 220లో గరుకుదనం మొదలైంది. కంటికి 225 నచ్చింది. నలభై క్లిప్పులూ 225లో వేసి ఇచ్చాం.

రెండో రోజు ఆయన సంచితో వచ్చారు. "ఏం బాబూ, చూడ్డానికి నున్నగానే ఉన్నాయి గానీ, బోల్టు బిగిస్తుంటే పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి" అన్నారు. విరిగిన క్లిప్పు తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. విరిగిన చోట అద్దంలా నున్నగా ఉంది. ఒక పొర మీద ఇంకో పొర కూర్చుందే తప్ప రెండూ కలిసిపోలేదు.

"ఇది నా తప్పేనండి బాబాయ్‌గారూ, ఎల్లుండికల్లా మళ్లీ వేసిస్తాను" అని చెప్పి, అదే టవర్‌ని బయటికి తీశాను. ఈసారి చూడటం కాదు, విరవడం. ప్లయర్‌తో ఒక్కో అంతస్తునూ మధ్యలో పట్టుకుని వంచాం. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య అతుకు దగ్గర పట్టుకోకూడదు, అక్కడ వేడి మారుతూ ఉంటుంది కాబట్టి అది ఏ అంతస్తు సంగతీ సరిగ్గా చెప్పదు. 220, 225 టక్కున విరిగాయి, విరిగిన ముఖం నున్నగా, పొర గీత వెంబడే ఉంది. 230 కాస్త బలం తీసుకుంది గానీ అదీ గీత వెంబడే వచ్చింది. 235లో విరిగిన ముఖం సగం నున్నగా, సగం చిరిగినట్టుగా ఉంది. 240 ముందు వంగింది, వంగిన చోట తెల్లబడింది, ఆ తర్వాత పొరలతో సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా చిరిగింది. పొరలు ఒకదానితో ఒకటి కరిగి అతుక్కున్నాయని చెప్పే గుర్తు అదే.

కారణం సూటిగానే ఉంటుంది. కొత్త పొర దిగేటప్పుడు కింద ఉన్న పొర అప్పటికే చల్లారి ఉంటుంది. కొత్తగా వచ్చే ప్లాస్టిక్ తన వేడితో కింది పొర పైభాగాన్ని కొంత మళ్లీ మెత్తబరిస్తేనే రెండూ కలుస్తాయి. దారాలు రాకుండా, అంచులు జారకుండా ఉండాలంటే ప్లాస్టిక్ త్వరగా గట్టిపడాలి. పొరలు కలవాలంటే నెమ్మదిగా గట్టిపడాలి. రెండూ ఒకదానికొకటి ఎదురు కోరికలు. కంటికి కనిపించేది మొదటిది మాత్రమే.

ఆ క్లిప్పులకి 240 ఎంచుకున్నాం. ఉన్న కొద్దిపాటి దారాల కోసం వేడి తగ్గించలేదు, నాజిల్ ఖాళీగా కదిలేటప్పుడు ఫిలమెంట్‌ని వెనక్కి లాగే రిట్రాక్షన్ సెట్టింగ్ కొంచెం సరిచేశాం. మిగిలినవి లైటర్ సెగ ఒక్క క్షణం చూపిస్తే పోయాయి. అదే స్పూల్‌తో ఎవరైనా బల్ల మీద పెట్టుకునే బొమ్మ అడిగితే 230లోనే వేస్తాను. బొమ్మని ఎవరూ బోల్టుతో బిగించరు.

అపోహ: దారాలు వస్తున్నాయంటే వేడి ఎక్కువైనట్టే.

ఒక్కోసారి అంతే. కానీ కృష్ణ ఒడ్డున వానాకాలంలో తెరిచి పెట్టిన స్పూల్ అయితే ముందు తేమని అనుమానించాలి. పీఈటీజీ గాలిలో తేమని పీల్చుకుంటుంది. నాజిల్‌లో ఆ నీరు ఆవిరై ప్లాస్టిక్‌ని బయటికి నెడుతుంది, నాజిల్ ఖాళీగా కదిలేటప్పుడు కూడా కారుతూనే ఉంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. వేడి సమస్య అయితే పై అంతస్తులకి వెళ్లేకొద్దీ దారాలు తగ్గుతాయి. తేమ సమస్య అయితే కింది నుంచి పైదాకా అన్ని అంతస్తుల్లోనూ ఉంటాయి. నాజిల్ దగ్గర చెవి పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, గోడల మీద చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి. అలాంటి టవర్‌ని చదవడం వృథా. స్పూల్‌ని డ్రయర్‌లో 65 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెట్టి, మళ్లీ టవర్ వేయాలి. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ అయితే 45, 50 దాటనివ్వకండి, మెత్తబడి చుట్లు అతుక్కుపోతాయి. కొత్త ప్యాకెట్ అయినా సరే, తడిగా లేదని నమ్మకం లేదు.

అపోహ: మోడల్ ఫైల్ దించుకుని ప్రింట్ కొడితే వేడి దానంతటదే మారుతుంది.

మారదు. మామూలు మోడల్ ఫైల్‌లో ఉండేది ఆకారమే, పక్కన చెక్కిన అంకెలు కూడా అందులో భాగమే. మోడల్‌ని మిషన్‌కి అర్థమయ్యే కమాండ్లుగా మార్చే సాఫ్ట్‌వేర్, అంటే స్లైసర్, వేడి మార్చమని చెప్పాలి. ఆర్కా స్లైసర్‌లో `Calibration` మెనూలో `Temperature` ఎంచుకుని మొదటి, చివరి అంకెలు ఇస్తే అదే చూసుకుంటుంది. వేరే స్లైసర్‌లో చేతితో చేయాలంటే, ప్రతి అంతస్తు మొదలయ్యే పొర దగ్గర ఇలాంటి ఒక్క లైను పెట్టాలి:

```
M104 S245
```

ఇది వేడి మార్చమని చెప్పి ప్రింటింగ్‌ని ఆపకుండా సాగనిస్తుంది. వేడి దిగేదాకా ఆగే కమాండ్ పెడితే నాజిల్ ఒకచోట నిలబడి ప్లాస్టిక్ కార్చి ముద్ద చేస్తుంది. ఆపకుండా సాగడం వల్ల ప్రతి అంతస్తులో మొదటి కొన్ని పొరలు పాత వేడి నుంచి కొత్త వేడికి దిగుతూ ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. మొదలుపెట్టే ముందు ప్రివ్యూలో టెంపరేచర్ రంగులు చూసుకోండి. టవర్ అంతా ఒకే రంగులో ఉంటే లైన్లు పడలేదన్నమాట. ఎక్కువ వేడి కిందే ఎందుకంటే, చివరి చల్లటి అంతస్తులో ప్లాస్టిక్ సరిగా రాక ప్రింట్ చెడినా, అప్పటికి మిగతావన్నీ చేతికి వచ్చి ఉంటాయి.

అపోహ: టవర్ చెప్పిన అంకె ఏ స్పీడ్‌కైనా పనికొస్తుంది.

ఈ ఒక్కటి అనుభవం ఉన్నవాళ్లు కూడా మర్చిపోతుంటారు. టవర్‌లో ఒక్కో పొర చాలా చిన్నది. పొర మరీ త్వరగా అయిపోతే కిందిది చల్లారదని స్లైసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించేస్తుంది. మీరు సెట్టింగ్‌లో 150 పెట్టినా టవర్ నిజానికి 30, 40లో నడుస్తూ ఉండొచ్చు. అంత నెమ్మదిగా వెళ్తే ప్లాస్టిక్ నాజిల్‌లో ఎక్కువసేపు ఉండి బాగా కరుగుతుంది, తక్కువ వేడి కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. గీత వెడల్పు 0.45, పొర మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, సెకనుకు 40 మి.మీ. స్పీడ్‌లో 3.6 ఘనపు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కరగాలి. 150లో 13.5 కరగాలి. దాదాపు నాలుగు రెట్లు. నాజిల్ అదే, హీటర్ అదే, ప్లాస్టిక్‌కి లోపల దొరికే సమయం మాత్రం నాలుగో వంతు. స్క్రీన్ మీద అంకె మారదు, బయటికి వచ్చే ప్లాస్టిక్ మాత్రం చల్లగా వస్తుంది. టవర్‌లో గట్టిగా ఉన్న 235 అసలు ముక్కలో బలహీనంగా ఉండటానికి కారణం ఇదే.

దీనికి మేం రెండు పనులు చేస్తాం. ఒకటి, ప్రివ్యూలో `Speed` రంగులు చూసి టవర్ నిజంగా ఏ స్పీడ్‌లో నడుస్తుందో తెలుసుకుంటాం. మరీ తక్కువ ఉంటే బెడ్ మీద టవర్లు రెండు మూడు పెట్టి ఒకేసారి వేస్తాం. ఒక్కో పొరకు పట్టే సమయం పెరుగుతుంది కాబట్టి స్లైసర్ అంతగా స్పీడ్ తగ్గించదు. రెండు, టవర్‌లో తేలిన అంకెతో అసలు ముక్క ఒకటే, అసలు స్పీడ్‌లో వేసి విరిచి చూస్తాం. క్లిప్పుల విషయంలో అలాగే ఒకటి 240లో వేసి, వైస్‌లో బిగించి బోల్టు తిప్పాం. పొరలు విడిపోలేదు, బోల్టు తల కింద ప్లాస్టిక్ నొక్కుకుపోయింది. అప్పుడు మిగిలిన 39 మొదలుపెట్టాం.

ఇప్పుడు స్పూల్ అంచు మీద మార్కర్‌తో ఒక్క అంకె రాయడం మానేశాను. ఆ నల్ల స్పూల్ మీద ఇలా ఉంది: "మిషన్ 2, ఇత్తడి 0.4, స్పీడ్ 60. బిగించేవి 240, బొమ్మలు 230. ఆరబెట్టాక వేసిన టవర్." నాజిల్ మార్చిన రోజు ఆ రాతని కొట్టేసి మళ్లీ టవర్ వేస్తాం.