మిగిలిన బిళ్ళ వేసుకున్నాక రక్తపరీక్షకు ఏం దొరుకుతుంది?

సార్వా నాట్లు మొదలయ్యాయంటే మా ల్యాబ్‌కి జ్వరాల రక్తం ఎక్కువగా వస్తుంది. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే నాలుగైదు రోజులుగా జ్వరంతో ఉన్నవాళ్లు. కొందరికి బ్లడ్ కల్చర్ రాస్తారు డాక్టర్లు. చేతి నరం నుంచి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి, బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన ద్రవం నింపిన సీసాలోకి ఎక్కిస్తాం. దాన్ని ఒంటి వేడిలోనే ఉంచి అయిదు రోజులు కనిపెట్టుకుని ఉంటాం. లోపల బ్యాక్టీరియా పెరిగితే అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని యంత్రం పసిగట్టి చెబుతుంది.

టైఫాయిడ్‌లో ఈ పరీక్ష చాలా సున్నితమైన వ్యవహారం. రోగి ఒళ్లంతా కాలిపోతున్నా, రక్తంలో తిరిగే టైఫాయిడ్ బ్యాక్టీరియా చాలా కొద్దిగా ఉంటుంది. సగటున ఒక మిల్లీలీటరుకి ఒకటి, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మిగతాదంతా ఎముక మజ్జలో, కాలేయంలో, ప్లీహంలో మన కణాల లోపలే దాక్కుంటుంది. అంటే మేం తీసిన 10 మిల్లీలీటర్లలో ఓ పది ప్రాణాలుంటే ఉంటాయి. ఆ పదీ బతికి ఉండాలి, సీసాలో పెరగాలి. మందేమీ పడకపోయినా వందమంది టైఫాయిడ్ రోగుల్లో యాభై, అరవై మందికే కల్చర్ పాజిటివ్ వస్తుంది. ముందే ఒక యాంటీబయాటిక్ పడిందంటే ఆ కొద్దిపాటి అవకాశం కూడా బాగా తగ్గిపోతుంది.

మొన్న జూలైలో ముప్పై నాలుగేళ్ల ఆవిడ ఒకరు వచ్చారు, నాట్లకు వెళ్లే మనిషి. జ్వరం మొదలై తొమ్మిదో రోజు. పొద్దున కాస్త తగ్గి, సాయంత్రమయ్యేసరికి 102 దాటుతోంది. మొదటి మూడు రోజులూ జ్వరం బిళ్ళ వేసుకుంటూ పనికి పోయారు. నాలుగో రోజు లేవలేకపోయారు. ఇంట్లో అబ్బాయికి గొంతునొప్పి వచ్చినప్పుడు తెచ్చిన అజిత్రోమైసిన్ 500 స్ట్రిప్‌లో రెండు మిగిలి ఉన్నాయి. మూడింటిలో ఒకటి వేసుకోగానే అబ్బాయికి నయమైపోయిందట, మిగతావి గూట్లో పెట్టేశారు. నాలుగో రోజు, అయిదో రోజు ఆ రెండూ ఈవిడ వేసుకున్నారు. తగ్గలేదని ఆరో రోజు సెంటర్లో మెడికల్ షాపుకి వెళ్తే, "ఇది వేసి చూడండమ్మా, పూటకొకటి" అని నాలుగు సెఫిక్సిమ్ 200 బిళ్ళలు కోసిచ్చారు. వాటితో జ్వరం 99కి దిగింది. ఎనిమిదో రోజు సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది.

తప్పంతా ఆవిడమీద వేయలేను. రోజు కూలి పోగొట్టుకుని, ఆటోకీ బస్సుకీ డబ్బు పెట్టుకుని టౌనుకు రావడం కన్నా వీధి చివర కౌంటర్ దగ్గర వంద రూపాయల్లో పని అయిపోవడం తేలిక. షాపతను కూడా చెడ్డ ఉద్దేశంతో ఇచ్చాడని అనుకోను. కానీ సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్ నిజంగా తెరిచి ఉంటే, డాక్టర్ పేరు రాయాల్సిన చోటే బేరం ఆగిపోయేది.

రెండు బిళ్ళలు ఏం చేశాయో చూద్దాం. పెద్దవాళ్ల టైఫాయిడ్‌కి అజిత్రోమైసిన్ రాస్తే సాధారణంగా రోజుకు 1 గ్రాము చొప్పున ఏడు రోజులు, అంటే 500వి పద్నాలుగు బిళ్ళలు. ఈవిడకు పడింది అందులో ఏడో వంతు. రక్తంలో ఉన్న కొద్దిపాటి బ్యాక్టీరియాని ఊడ్చేయడానికి అది సరిపోవచ్చు. మజ్జలో దాగినదాన్ని చంపడానికి చాలదు. పైగా ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, సగం పోవడానికే దాదాపు మూడు రోజులు. బిళ్ళ ఆపేసినా తగ్గుతూ తగ్గుతూ రోజుల తరబడి కణాల్లో ఉంటుంది. ఆ పలుచటి మందులో బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, కాస్త తట్టుకోగలిగినదే మిగిలి పెరగడానికి వీలు దొరుకుతుంది.

ఆవిడ సీసా అయిదు రోజులూ ఏమీ చెప్పలేదు. నెగెటివ్ అని రిపోర్టు రాశాను. అంతకుముందు ఊళ్లో చేయించిన, బ్యాక్టీరియాని కాక దానిమీద ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలను చూసే వైడల్ పరీక్ష కాగితంలో టైఫాయిడ్ పాజిటివ్ అని ఉంది. దాన్ని నేను పెద్దగా నమ్మను. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా ఒక్కసారి చేసిన వైడల్ పాజిటివ్ రావచ్చు. బురద నీళ్లలో పనిచేసేవాళ్లకు ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంది, చిగ్గర్లనే సన్నటి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంది. మొదట్లో మూడూ ఒకేలా ఉంటాయి, మూడింటికీ ముందుగా ఎంచుకునే మందు మాత్రం ఒకటి కాదు. ఏది ఏదో తేల్చుకోలేని స్థితిలో డాక్టర్ సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మూడో రోజుకి కూడా జ్వరం ఉందని ఇంటివాళ్లకి టెన్షన్ పట్టుకుంది, మందు మార్చమన్నారు. సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. మార్చకుండా ఆగారు. అయిదో రోజు దిగింది. కోలుకున్నారు కానీ ఆ బ్యాక్టీరియా ఏదో, ఏ మందుకు లొంగుతుందో ఎవరికీ తెలియకుండానే పోయింది.

అదే వారంలో వేరే ఊరి కుర్రాడొకడు జ్వరం బిళ్ళ తప్ప ఇంకేమీ వేసుకోకుండా నాలుగో రోజే వచ్చాడు. మర్నాడే సీసా పలికింది. ఆ ద్రవం పళ్లెం మీద పూసి, మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పేర్చాం. మందు పనిచేస్తే దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. పొద్దున తీసి చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ అంచు దాకా తెల్లగా పెరిగి ఉంది. అజిత్రోమైసిన్ చుట్టూ, కోట్రైమాక్సజోల్ చుట్టూ పెద్ద వలయాలు. ఒకప్పుడు టైఫాయిడ్‌కి ఇష్టంగా వాడిన సిప్రో ఇప్పుడు మన దేశంలో చాలాచోట్ల ఇలాగే ఓడిపోతోంది. ఇంజెక్షన్ అక్కర్లేకుండా, నోటి బిళ్ళతో, ఏ బిళ్ళో కచ్చితంగా తెలిసి అతనికి వైద్యం జరిగింది.

ముందే మందు పడినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. యాంటీబయాటిక్‌ని పీల్చుకునే రెసిన్ ఉన్న సీసాలు వాడవచ్చు. ఎముక మజ్జ నుంచి తీసిన నమూనాలో మందు మొదలుపెట్టిన కొన్ని రోజుల తర్వాత కూడా టైఫాయిడ్ దొరుకుతుంది, అయితే అది రోగికి నొప్పితో కూడిన పని. ఏది చేయాలన్నా ముందు ఏ మందు, ఎన్ని, ఎప్పుడు పడిందో మాకు తెలియాలి. కల్చర్ ఫారంలో దానికోసం ఒక గడి ఉంది. చాలాసార్లు ఖాళీగా వస్తుంది.

అందుకే సూది గుచ్చే ముందు నేనే అడుగుతున్నాను. "జ్వరం బిళ్ళ ఒక్కటేనండి" అంటారు ముందు. ఆవిడా అలాగే అన్నారు. "ఇంట్లో ఎవరికైనా తెచ్చినవి మిగిలితే వేసుకున్నారా అమ్మా?" అని మళ్లీ అడిగితే, కాసేపు ఆలోచించి చేతిసంచిలోంచి ఒక స్ట్రిప్ తీసి చూపించారు. మూడు గుంటలూ ఖాళీ. వెనక రేకు మీద సగం చిరిగిన పేరు చదివి, ఫారం గడిలో అజిత్రోమైసిన్ 500, రెండు అని రాశాను.