పాప "తతతా" అంటే తాతకి ఫోన్ వెళ్లాలా? వాయిస్ ఇన్‌పుట్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో తెలుగు వాయిస్ డయలింగ్ మీద పనిచేస్తున్నాను. మేం పరీక్షకి ఇచ్చిన ఫోన్ ఒకటి గాజువాకలో ఒక ఇంట్లో ఉంది. ఓ రాత్రి అమ్మమ్మగారు మైక్ నొక్కారు. ఇంతలో పాప లేచి ఏడిస్తే ఫోన్ పరుపు మీద పెట్టి ఎత్తుకున్నారు. తొమ్మిది నెలల పాప ఏడుపు ఆపి "తతతా" అంది. నైట్ డ్యూటీలో ఉన్న తాతగారికి ఫోన్ మోగింది. "ఏటైంది? పాపకేటైంది?" అని ఆయన పడిన టెన్షన్ విన్నాక ఈ పోస్టు రాయాలనిపించింది.

అపోహ: మైక్ ఆన్‌లో ఉండగా వినపడిందంతా ఆదేశమే.

వాస్తవం: మొదటి వడపోత చూసేది గొంతు ఉందా, నిశ్శబ్దమా అన్నది మాత్రమే. కూనిరాగంలోనూ గొంతు ఉంటుంది కాబట్టి అదీ దాటేస్తుంది.

అపోహ: కాన్ఫిడెన్స్ స్కోరు బాగుంటే ఆదేశాన్ని నమ్మొచ్చు.

వాస్తవం: ఆ రాత్రి "తాత"కి వచ్చిన స్కోరు చాలా ఎక్కువ. ఎందుకంటే ఈ శబ్దానికి ఏ మాట దగ్గరగా ఉందో స్కోరు చెబుతుంది, ఫోన్‌తో అన్న మాటేనా అన్నది చెప్పదు. పైగా కాంటాక్టుల్లోని పేర్లవైపు కాస్త మొగ్గు ఉండేలా సిస్టమ్‌ని కడతాం. మన ఇళ్లలో ఆ పేర్లు తాత, మామ, అత్త, నాన్న. పిల్లలు ఆరేడు నెలలు దాటాక ఒకే అక్షరాన్ని తిప్పి తిప్పి పలుకుతారు, ఈ పిలుపుల్లో చాలావాటి రూపమూ దాదాపు అదే. లాలిపాటతోనూ ఇదే చిక్కు. "లాలి లాలి" అని సాగదీస్తే దీర్ఘం, హ్రస్వం తేడా చెరిగిపోయి "లలిత"కి కాల్ వెళ్లొచ్చు. స్కోరు హద్దు పెంచితే నిజంగా పిలిచినవాళ్లే ఆగిపోతారు.

అపోహ: శబ్దాన్ని గుర్తుపట్టే మోడల్ ఒకటి పెడితే చాలు.

వాస్తవం: సాయం చేస్తుంది, సరిపోదు. అలాంటి మోడల్ యామ్‌నెట్ 521 రకాల శబ్దాలను గుర్తిస్తుంది. పాట, కూనిరాగం, పిల్లల ముద్దుపలుకులు అందులో విడివిడిగా ఉన్నాయి. అది 0.96 సెకన్ల ముక్కను చూసి, 0.48 సెకన్లు జరిగి మళ్లీ చూస్తుంది. పాప రికార్డింగ్‌లో అయిదు ముక్కలు వస్తే మూడే ముద్దుపలుకులుగా తేలాయి, రెండు మామూలు మాటలుగా పడ్డాయి. ఒక్క ముక్కతో తీర్పు చెప్పకూడదని అప్పుడు తెలిసింది.

అందుకే ఇంకో నియమం పెట్టాం. "తాతకి ఫోన్ చెయ్యి" అని క్రియతో సహా వస్తేనే కాల్ వెళ్తుంది. పేరొక్కటే వస్తే తెరమీద చూపించి, వేలితో తాకేదాకా ఆగుతుంది. ముద్దుపలుకు, కూనిరాగం అని తేలితే "అర్థం కాలేదు" అని కూడా పలకదు. నిద్రపోతున్న పాప దగ్గర ఆ గొంతు వద్దు.

ఒక్క మాట. పక్షవాతం వచ్చాక ఒకటి రెండు మాటలే పలకగలిగే పెద్దవాళ్లకి "తాత" అన్నదే పూర్తి ఆదేశం. వాళ్ల ఫోన్‌లో క్రియ నియమం తీసేసి, కాల్ వెళ్లేముందు అయిదు సెకన్ల గడువూ, పెద్ద "వద్దు" బటనూ ఉంచుతున్నాం.