చలికాలంలో ఈవీ రేంజ్: ఆ ‘నలభై శాతం’ లెక్క ఎక్కడిది, గోదావరి డెల్టాకు ఎంత వర్తిస్తుంది?

సంక్రాంతికి అమెరికా, కెనడాల నుంచి పిల్లలు ఊరొచ్చినప్పుడు భీమవరం, అమలాపురం వైపు కొత్త కారు మాట రాకుండా ఉండదు. ఎలక్ట్రిక్ కారు అనగానే ఎవరో ఒకరు అందుకుంటారు: ‘చలికాలంలో రేంజ్ నలభై శాతం పడిపోతుందట, హీట్ పంప్ లేని బండి కొనకండి’ అని. ఈ మాట అబద్ధం కాదు. కాకపోతే అది పుట్టింది మన వాతావరణంలో కాదు. రేంజ్ అంటే ఒక్క ఛార్జింగ్‌తో బండి నడిచే దూరం, హీట్ పంప్ అంటే కారు లోపలిని తక్కువ కరెంటుతో వెచ్చబరిచే యంత్రం.

2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించింది. సుమారు మైనస్ 7 డిగ్రీల చలిలో హీటర్ వేసి నడిపితే, 24 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే రేంజ్ సగటున 41 శాతం తగ్గింది. అదే చలిలో హీటర్ ఆపేసి నడిపితే తగ్గింది 12 శాతమే. చలికి బ్యాటరీ మందగించడం వల్ల పోయేది ఈ చిన్న భాగమే, పెద్ద భాగాన్ని తింటున్నది కారు లోపలి హీటర్. ఫార్వర్డ్ మెసేజీల్లో మొదటి అంకె మాత్రమే మిగిలింది, రెండోది రాలిపోయింది.

పెట్రోలు కార్ల కాలంలో ఈ బాధ లేదు. ఇంజిన్ తాగే ఇంధనంలో ఎక్కువ భాగం వేడిగా వృథా అవుతుంది. రేడియేటర్‌కు వెళ్లే వేడినీళ్లలో కొంత లోపలికి మళ్లిస్తే చాలు, హీటర్ ఉచితం. ఎలక్ట్రిక్ మోటారు అంత వేడిని పారబోయదు, తీసుకున్న కరెంటులో తొంభై శాతం దాకా చక్రాలకు ఇస్తుంది. బండి ఎంత పొదుపుగా నడిస్తే చలికి కాచుకోవడానికి అంత తక్కువ మిగులుతుంది. అందుకని వేడిని విడిగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఈ చిక్కు తప్పించుకోవడానికి 2011లో వోల్వో తన సీ30 ఎలక్ట్రిక్‌లో ఇథనాల్‌తో మండే హీటర్ పెట్టింది. కరెంటు బండిలో పొయ్యి అన్నమాట!

మిగతావాళ్లు సులువైన దారి పట్టారు, అదే కరెంటును నేరుగా వేడిగా మార్చే రెసిస్టివ్ హీటర్. కార్లలో వాడేది ఎక్కువగా పీటీసీ రకం. అంటే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగి, తనంతట తానే కరెంటు తగ్గించుకునే సిరామిక్ బిళ్లలు. ప్లగ్గులో పెట్టే దోమల మందు మిషన్‌లో మందును వేడి చేసేది చాలావరకు ఇదే జాతి బిళ్ల. అది రాత్రంతా ఉన్నా కాలిపోదు కదా, కారణం ఇదే. చవక, కదిలే భాగాలు లేవు, ఎంత చలిలోనైనా వెంటనే వేడి వస్తుంది. 2010 చివర్లో వచ్చిన మొదటి నిస్సాన్ లీఫ్‌లోనూ, 2012 నాటి టెస్లా మోడల్ ఎస్‌లోనూ ఉన్నది రెసిస్టివ్ హీటరే. దీని పరిమితి ఒక్కటే: ఒక యూనిట్ కరెంటు పోస్తే ఒక యూనిట్ వేడి వస్తుంది, అంతకు మించి రాదు.

హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయట ఉన్నదాన్ని తోడి లోపల పోస్తుంది. రొయ్యల కోసం మన దగ్గర నడిచే ఐస్ ఫ్యాక్టరీలో పని చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: ఐసు గడ్డకట్టేటప్పుడు నీళ్లలోంచి లాగిన వేడంతా కండెన్సర్ దగ్గర బయటికి కొడుతుంది. ఆ కండెన్సర్‌ను గదిలోపల పెట్టుకుంటే అదే హీట్ పంప్. ఈ ఊహ పాతదే. 1852లో లార్డ్ కెల్విన్ దీన్ని లెక్కతో చూపించాడు. అదే దశాబ్దంలో ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఎబెన్‌సీ ఉప్పు కర్మాగారంలో ఉప్పునీళ్లు ఆవిరి చేయడానికి నిజంగా ఒకటి కట్టాడు. కార్లలోకి రావడానికే ఆలస్యమైంది. 1996లో జనరల్ మోటార్స్ ఈవీ1లో కనిపించింది, ఆ కారు వెయ్యి పైచిలుకు తయారై ఆగిపోయింది. చలిదేశాల్లో కొన్నవాళ్ల గోల విన్న నిస్సాన్ 2013 మోడల్ లీఫ్‌లో పెట్టింది. రెనో జోయ్‌లో మొదటి నుంచే ఉంది. టెస్లా 2020లో మోడల్ వైతో మొదలుపెట్టింది.

తేడా ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. బ్యాటరీలో వాడుకోవడానికి 40 యూనిట్లు ఉన్నాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే నడవడానికి గంటకు 7.5 యూనిట్లు కావాలి. హీటర్ లేకపోతే సుమారు 265 కిలోమీటర్లు వస్తుంది. బయట సున్నా దగ్గర ఉంది, లోపల వెచ్చగా ఉండాలంటే గంటకు 3 యూనిట్ల వేడి కావాలి. రెసిస్టివ్ హీటర్ అయితే ఆ మూడూ బ్యాటరీలోంచే పోతాయి. రేంజ్ 190కి దిగుతుంది. ఒక యూనిట్‌తో రెండున్నర యూనిట్ల వేడి తోడే హీట్ పంప్ అయితే 1.2 యూనిట్లు చాలు, 230 వస్తుంది. హీటర్ కిలోమీటరుకు కాదు, గంటకు తింటుందన్నది ఇక్కడ గమనించాలి. అందుకే హైవే మీద కన్నా ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే బండికే దెబ్బ ఎక్కువ.

హీట్ పంప్‌కూ బలహీనతలున్నాయి. చలి ముదిరేకొద్దీ బయట తోడుకోవడానికి వేడి తగ్గిపోతుంది. మైనస్ 15, 20 డిగ్రీల్లో చాలా వ్యవస్థలు దాదాపు రెసిస్టివ్ స్థాయికి జారిపోతాయి. అందుకే చలిదేశాల కార్లలో చాలావాటిలో హీట్ పంప్‌తో పాటు పీటీసీ కూడా తోడుగా ఉంటుంది. సున్నా దగ్గర, గాలిలో తేమ ఉన్నప్పుడు బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించేంతసేపు వేడి తగ్గుతుంది. పైగా వాల్వులు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ ఎక్కువ. 2022 ఫిబ్రవరిలో టెస్లా అమెరికాలో 26 వేలకు పైగా కార్లను రీకాల్ చేసింది. కారణం హీట్ పంప్ వాల్వును నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం, దానివల్ల ముందు అద్దం మీది మంచు సరిగ్గా కరగకపోవచ్చని. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే సరిచేసింది.

ఇక మన డెల్టా. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలి అంటే 17, 18 డిగ్రీలు. పైన వేసిన లెక్కలోనే గంటకు అర యూనిట్ వేడి చాలనుకుంటే, రెసిస్టివ్‌తో 250, హీట్ పంప్‌తో 260. అదీ రోజంతా హీటర్ వేసుకుంటేనే. ఎనిమిది దాటి ఎండెక్కితే ఎవరూ వేయరు. పది కిలోమీటర్ల కోసం అదనపు డబ్బు కట్టడం నాకైతే దండగే అనిపిస్తుంది.

హీట్ పంప్ ఇక్కడ నిజంగా ఉపయోగపడే సందర్భం ఒకటుంది, అది పొగమంచు. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి నలుగురి ఊపిరికి అద్దం లోపల మసకబారుతుంది. అది పోవాలంటే ఏసీ గాలిలోని తేమ లాగాలి, మనం వణక్కుండా ఆ గాలి మళ్లీ కాస్త వేడెక్కాలి. పీటీసీ బండిలో కంప్రెసర్, హీటర్ రెండూ తింటాయి. హీట్ పంప్‌లో అదే కంప్రెసర్ రెండు పనులూ చేయగలదు. మసక అద్దం బయటివైపు ఉంటే మాత్రం హీటర్‌తో పనిలేదు, వైపర్ వేసి ఏసీ చల్లదనం తగ్గిస్తే చాలు. వేలితో తుడిస్తే ఎటు ఉందో తెలిసిపోతుంది.

కొన్న బండిలో ఏది ఉందో తెలియకపోతే, చలిగా ఉన్న ఉదయం బండి ఆపి ఉంచి, ఏసీ ఆపి, టెంపరేచర్ బాగా పెంచి స్క్రీన్ మీద కరెంటు వాడకం చూడండి. మూడు నాలుగు కిలోవాట్లకు ఒక్కసారిగా ఎగబాకితే చాలావరకు అది రెసిస్టివ్ హీటరే. హీట్ పంప్ అయితే కంప్రెసర్ మోగుతూ మెల్లగా ఎక్కుతుంది. లంబసింగి వెళ్లే వాళ్లకు కూడా ఇదే చూసుకోమని చెబుతాను. అక్కడ చలి సున్నా దగ్గరకు దిగే రాత్రులుంటాయి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎలాగూ ఎక్కువ పోతుంది.

కాకినాడలోనో రాజమండ్రిలోనో తిరిగే బండికి చూసుకోవాల్సింది అసలు వేరే అంకె. అదే 2019 పరీక్షలో, 35 డిగ్రీల ఎండలో ఏసీ వేస్తే రేంజ్ 17 శాతం తగ్గింది. మన మే నెల అంతకన్నా వేడి, పైగా ఉక్కపోత. ఏసీకి మాత్రం హీట్ పంప్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు.