మా ఇంటిపేరు జాబితాలో లేదు, అరుదైనదేనా? అపోహలు - వాస్తవాలు

అమెరికా జనగణన శాఖ 2010 లెక్కల నుంచి ఇంటిపేర్ల జాబితా ఒకటి విడుదల చేసింది. అక్కడి తెలుగువాళ్ళు చాలామంది అందులో తమ ఇంటిపేరు వెతికి, దొరక్కపోతే "మాది చాలా అరుదైన పేరు" అని తేల్చేస్తారు. ఆ మాట వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి "ఈ ఇంటిపేరు వాళ్ళంతా ఒకే తాత మనవలు" అయి కూర్చుంటుంది. దాన్ని నమ్మి వంశవృక్షంలో సంబంధం లేని కుటుంబాలను కలిపేసినవాళ్ళున్నారు.

అపోహ: జాబితాలో లేని పేరు అరుదైన పేరు.

వాస్తవం: కనీసం 100 మందికి ఉన్న పేర్లే అందులో వేశారు. అలాంటివి సుమారు 1,62,000. మిగతా వాళ్ళందరినీ చివర `ALL OTHER NAMES` అనే ఒకే వరుసలో కలిపేశారు. ఆ ఒక్క వరుసలోనే 2.93 కోట్ల మంది ఉన్నారు, అంటే లెక్కలోకి వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరు. కాబట్టి పేరు కనబడలేదంటే అర్థం ఒక్కటే: ఆ స్పెల్లింగుతో 2010లో అమెరికాలో వందమంది లేరు.

"ఆ స్పెల్లింగుతో" అన్నదే మన పేర్లకు అసలు చిక్కు. జాబితా అక్షరాలను లెక్కపెడుతుంది, కుటుంబాలను కాదు. బొడ్డుపల్లి వారిలో కొందరు BODDUPALLI అని రాస్తారు, కొందరు BODDUPALLY అని, ఇంకొందరు ఒక D తీసేసి BODUPALLI అని. ఉదాహరణకు ఒక పేరును మూడు రకాలుగా రాసేవాళ్ళు 90, 80, 60 మంది ఉన్నారనుకోండి. మొత్తం 230 మంది ఉన్నా జాబితాలో ఒక్క రూపమూ కనబడదు. పైగా మనలో ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి నింపేటప్పుడు కొందరు రావు, కుమార్ లాంటివి అక్కడ పెట్టేశారు. వాళ్ళు ఆ పేర్ల కిందే లెక్కకొస్తారు, అసలు ఇంటిపేరు లెక్క ఆ మేరకు తగ్గిపోతుంది.

అందుకే వెతికే ముందు పేరును ఎన్ని రకాలుగా రాస్తారో కాగితం మీద రాసుకోండి: చివర i, y; oo, u; th, t; జంట అక్షరం, ఒంటి అక్షరం. ఖాళీలు, హైఫన్లు తీసేసి ఒక్కోటీ వెతికి `count` గడిలోని అంకెలు కూడండి. `prop100k` గడి, అంటే లక్షకు ఎందరన్నది, చిన్న పేర్లకు పనికిరాదు. రెండు దశాంశాలకు కుదించడం వల్ల 104 మంది ఉన్న పేరుకూ 130 మంది ఉన్న పేరుకూ అక్కడ 0.04 అనే పడుతుంది.

అపోహ: ఎక్కువమంది ఉన్న చోటే ఆ పేరు గుమిగూడిన చోటు.

వాస్తవం: ఈ జాబితాలో రాష్ట్రాల వివరమే లేదు. వోటర్ల జాబితాలాంటి వేరే చోటి నుంచి ఆ వివరం తెచ్చుకున్నా, ఉత్త సంఖ్య జనం ఎక్కువున్న రాష్ట్రాన్నే చూపిస్తుంది. ఒక ఇంటిపేరు వాళ్ళు 300 మందిలో కాలిఫోర్నియాలో 60, న్యూజెర్సీలో 45 మంది తేలారనుకుందాం. 2010 జనాభాలో కాలిఫోర్నియా వాటా సుమారు 12 శాతం, న్యూజెర్సీది 2.9 శాతం. ఆ వాటా ప్రకారం అక్కడ 36, ఇక్కడ 9 మంది ఉండాలి. ఉన్నవాళ్ళను ఉండాల్సినవాళ్ళతో భాగిస్తే కాలిఫోర్నియాకు 1.7, న్యూజెర్సీకి 5 వస్తాయి. సంఖ్యలో వెనకున్న న్యూజెర్సీ ఇప్పుడు ముందుకొచ్చింది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, న్యూజెర్సీలో ఆ వంశం స్థిరపడిందని రాసేస్తారు. కానీ న్యూజెర్సీ జనాభాలో భారతీయుల వాటానే దేశం మొత్తం మీద కంటే ఎక్కువ. 2010లో దేశంలోని 28.4 లక్షల భారతీయుల్లో 5.28 లక్షల మంది కాలిఫోర్నియాలో, 2.92 లక్షల మంది న్యూజెర్సీలో ఉన్నారు. ఈ వాటాలతో లెక్కిస్తే 56, 31 మంది ఉండాలి. భాగిస్తే 1.1, 1.5. గుంపు చాలావరకు కరిగిపోయింది. అది ఇంటిపేరు గుంపు కాదు, భారతీయుల గుంపు. తెలుగువాళ్ళ సంఖ్యే దొరికితే దానితో భాగించడం ఇంకా మేలు. అయిదారుగురే ఉన్న చోట మాత్రం ఈ భాగహారం వద్దు. ఒక్క కుటుంబం ఇల్లు మారితే అంకె తలకిందులవుతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. జనగణన శాఖదే 1990 జాబితా కూడా ఒకటుంది, అది కేవలం నమూనా నుంచి తీసింది, దాన్ని 2010తో పోల్చి "మన పేరు పెరిగింది" అనకండి. జాతి శాతాల గడిలో `(S)` కనబడితే సున్నా అనుకోకండి, గోప్యత కోసం దాచిన అంకె అది.

పెళ్ళి సంబంధం కుదిరాక రెండు వైపులా ఇంటిపేరు ఒకటేనని తెలిసి, జాబితాలో అరుదని చూసి బెంగపడేవాళ్ళకు ఒక మాట. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాల వాళ్ళు, వేర్వేరు గోత్రాల వాళ్ళు అదే పేరుతో బయటికొచ్చారు. రెండు వైపులా గోత్రం, మూడు నాలుగు తరాల పూర్వీకుల పేర్లు, వాళ్ళ ఊరు అడిగి రాసుకోండి. చుట్టరికం ఉందో లేదో వాటిలో తెలుస్తుంది, జాబితాలోని అంకెలో తెలియదు.