36కీ 48కీ మధ్య

చేనేత చీరలు అమ్మే చిన్న వెబ్‌సైటు ఒకటి ఉందనుకుందాం. కొనుగోలు పేజీని కొత్తగా తీర్చిదిద్దారు. వచ్చినవాళ్లలో చీటీలు తీసినట్టుగా 1,200 మందికి పాత పేజీని, మరో 1,200 మందికి కొత్తదాన్ని చూపించారు. పాత పేజీ చూసినవాళ్లలో 36 మంది కొన్నారు, కొత్తది చూసినవాళ్లలో 48 మంది. చూసినవాళ్లలో కొన్నవాళ్ల వాటా, అంటే కన్వర్షన్ రేటు, ఒకచోట 3 శాతం, మరోచోట 4 శాతం. దీన్ని రెండు కడ్డీల చార్టుగా గీసి, నిలువు అక్షాన్ని 2.5 దగ్గర మొదలుపెడితే కొత్త పేజీ కడ్డీ పాతదానికి మూడింతల ఎత్తున నిలబడుతుంది. అక్షాన్ని సున్నాకు దించితే ఆ గొప్ప తగ్గుతుంది. అయినా ‘అమ్మకాలు 33 శాతం పెరిగాయి’ అనేవాళ్లు అంటూనే ఉంటారు. ఆ లెక్క తప్పేమీ కాదు. కానీ ఆ 33 శాతం వెనక ఉన్నది పన్నెండు మంది మనుషులు.

పాత పేజీనే మళ్లీ మరో 1,200 మందికి చూపిస్తే సరిగ్గా 36 మందే కొంటారన్న హామీ లేదు. అసలు రేటు నిజంగా 3 శాతమే అయినా, ఒకసారి 30 మంది, ఇంకోసారి 42 మంది కొనడం మామూలు విషయం. అదృష్టం వల్ల వచ్చే ఈ ఊగిసలాట ఎంతో చార్టులో కనబడాలి. అసలు రేటు ఉండగల పరిధిని చూపే విశ్వాస అంతరం చేసే పని అదే. 1927లో గణాంకవేత్త ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే పాత పేజీకి 95 శాతం అంతరం సుమారు 2.2 నుంచి 4.1 వరకు, కొత్తదానికి 3.0 నుంచి 5.3 వరకు వస్తుంది. ఇలాంటి ప్రయోగాలు ఎన్నెన్నో చేసి ప్రతిసారీ ఈ పద్ధతిలోనే అంతరాన్ని గీతగా గీస్తే, నూటికి దాదాపు 95 గీతలు అసలు రేటును తమలో పట్టుకుంటాయి. ఆ 95 అర్థం అంతే.

గీసేటప్పుడు నేనైతే కడ్డీలు వదిలేసి, రేటు దగ్గర ఒక చుక్క పెట్టి, దాని మీదుగా అంతరాన్ని గీతగా లాగుతాను. కడ్డీ మీద ఆ గీత పెడితే ఒక చిక్కుంది. కడ్డీ లోపలికి వచ్చే విలువలు, అంతే దూరంలో బయట ఉన్న విలువలకన్నా ఎక్కువ సంభావ్యమని చూసేవాళ్లు పొరబడతారని 2012లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి. రంగు నిండిన భాగం కంటిని తనవైపు లాగుతుంది. చుక్కకు ఆ బెడద లేదు.

ఇప్పుడు రెండు గీతలూ చాలామేర ఒకదానితో ఒకటి కలుస్తాయి. చూసినవాళ్లు ‘తేడా తేలలేదు’ అంటారు. ఈసారికి ఆ మాట సరిపోయింది గానీ, ఆ తర్కం మాత్రం సరైనది కాదు. కొత్త పేజీలో 48కి బదులు 56 మంది కొన్నారనుకోండి. దాని అంతరం 3.6 నుంచి 6.0 వరకు. పాత పేజీ గీత 4.1 దాకా ఉంది కాబట్టి ఇప్పుడూ రెండూ కలుస్తాయి. కానీ తేడాకే విడిగా అంతరం కడితే 0.1 నుంచి 3.2 వరకు వస్తుంది, అందులో సున్నా లేదు. రెండు గీతలూ కలిసినంత మాత్రాన తేడా లేదని తేల్చేయకూడదన్నమాట. రెండు పేజీల్లోనూ అదృష్టం ఒకేసారి ఎదురెదురు చివరలకు పోవడం అరుదు. విడివిడి గీతల్ని పోల్చే కన్ను ఆ సంగతి లెక్కలోకి తీసుకోదు.

అందుకే అసలు చూపవలసిన చార్టు మూడోది: తేడాకు ఒకే ఒక్క గీత, పక్కన సున్నా దగ్గర ఒక సన్నని నిలువు రేఖ. మన 36, 48ల విషయంలో ఆ గీత మైనస్ 0.5 నుంచి ప్లస్ 2.5 వరకు పరుచుకుంటుంది. కొత్త పేజీ కాస్త నష్టం చేసి ఉండవచ్చు, రేటును దాదాపు రెట్టింపు చేసి ఉండనూ వచ్చు. అది చూశాక సమావేశంలో ఎవరూ ‘33 శాతం’ అనరు. ‘ఇంకా ఎన్ని రోజులు నడపాలి’ అని అడుగుతారు. గీత పొడవు సగం కావాలంటే నాలుగింతల మంది కావాలి. ఒక్కో పేజీకి 4,800 మంది వచ్చి రేట్లు అవే నిలిస్తే, తేడా 0.3 నుంచి 1.7 మధ్యకు చేరుతుంది. ఆ సంఖ్యనూ ముందే నిర్ణయించుకోవాలి. రోజూ చార్టు తెరిచి చూసి, గీత మొత్తం సున్నాను దాటిపోయిన రోజున ఆపేస్తే ఆ 95కి విలువ పోతుంది.

ఇదే చార్టును ఊళ్లవారీగా విడగొట్టమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఒక ఊరి నుంచి 40 మంది వచ్చి ఎవరూ కొనలేదనుకుందాం. పాఠ్యపుస్తకాల్లో ముందుగా నేర్పే సులువు సూత్రం ఇక్కడ సున్నా నుంచి సున్నా వరకు అంతరం చూపిస్తుంది, ఆ ఊళ్లో ఎప్పటికీ ఎవరూ కొనరన్నంత ధీమాగా. విల్సన్ సూత్రం అదే చోట దాదాపు 8.8 శాతం దాకా గీత లాగుతుంది. ఆ పొడవాటి గీత పక్కన ‘40 మంది’ అని రాసి పెడితే చాలు.

ఏ సూత్రమూ దిద్దలేని తప్పు ఒకటి మిగులుతుంది. ఒకే మనిషి పది సార్లు వచ్చి చూసి వెళ్తే, దాన్ని పది మందిగా లెక్కేస్తే గీతలన్నీ ఉండవలసినదానికన్నా పొట్టిగా వస్తాయి. కాబట్టి చార్టు కింద లెక్కించినది మనుషులనా, రాకపోకలనా అన్న సంగతి కూడా ఉండాలి.