రెండొందల మాటలతో హిందీ పాఠం: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో తెలుగు ఇళ్లల్లోని పెద్దవాళ్ల కోసం చిన్న చిన్న హిందీ పాఠాలు రాస్తుంటాను. పాఠాల్లో వాడటానికి మేం పెట్టుకున్న జాబితాలో ఉన్నవి సుమారు రెండొందల మాటలు. ఈ పని చూసినవాళ్లు తరచుగా అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: జాబితాలోని మాటలే వాడితే పాఠం సులువవుతుంది.

జాబితాలో తీసుకోవడం, కొనడం అనే అర్థంలో ‘లేనా’ అనే ఒక్క మాట ఉంది అనుకోండి. ఇప్పుడు ఈ మూడు వాక్యాలు చూడండి.

లక్ష్మీ నే చావల్ లియా. పతి నే దాల్ లీ. బచ్చోఁ నే కేలే లియే.

లక్ష్మి బియ్యం కొన్నది, భర్త పప్పు కొన్నాడు, పిల్లలు అరటిపండ్లు కొన్నారు అని. లెక్క ప్రకారం కొత్త క్రియ ఒక్కటీ లేదు. కానీ చదివే మనిషికి లియా, లీ, లియే మూడూ కొత్తవే, వాటిలో ఏదీ ‘లేనా’లా కనబడదు. పైగా ‘లియే’ చూడగానే అంతకుముందు నేర్చుకున్న ‘కే లియే’ గుర్తొచ్చి ‘కోసం’ అని అర్థం చెప్పుకుంటారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. తెలుగులో కొన్నది ఎవరో క్రియ చెబుతుంది: లక్ష్మి కొన్నది, భర్త కొన్నాడు. హిందీలో భూతకాలంలో చేసినవాళ్ల పేరు తర్వాత ‘నే’ వచ్చిన చోట, కొన్న వస్తువుకు ‘కో’ లేకపోతే, క్రియ ఆ వస్తువును బట్టి మారుతుంది. దాల్ స్త్రీలింగం కాబట్టి కొన్నది మగవాడైనా ‘లీ’ అనే వస్తుంది. తరగతిలో ఒకామెను “దాల్ ఎవరు తీస్కున్నరక్కా?” అని అడిగితే “ఎవరో ఆడామె గదా, లీ అని ఉన్నది” అంది. అందుకే పాఠం అయ్యాక “అర్థమైందా?” అని అడగను, “ఎవరు?” అని అడుగుతాను. పాఠం ఎక్కడ తప్పిందో ఆ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే వందకు 98 దాకా మాటలు తెలిసి ఉండాలని ఈ రంగంలో చెప్పే లెక్క. ఆ లెక్క వేసేటప్పుడు లియా, లీ, లియేలను మూడుగా లెక్కపెట్టాలి.

అపోహ: అలాగైతే భూతకాలం మానేయాలి, కథ చెప్పలేం.

వర్తమానంతో మొదలుపెట్టడం మంచిదే. ‘లక్ష్మీ దాల్ లేతీ హై, పతి చావల్ లేతా హై’ అంటే చేసినవాళ్లను బట్టే మారుతుంది, మా వైపు తెలుగువాళ్లకు ఇబ్బంది ఉండదు. కానీ అన్నీ అలాగే రాస్తే కథ ముందుకు కదలదు.

‘నే’ అక్కర్లేని క్రియలు కొన్ని ఉన్నాయి. జానా, ఆనా, బైఠ్‌నా సరే, తెచ్చిన వస్తువును చెప్పే ‘లానా’ కూడా వాటిలోదే. రెండూ చెప్పడమే అయినా ‘కహ్‌నా’కు ‘నే’ కావాలి, ‘బోల్‌నా’కు సాధారణంగా అక్కర్లేదు. లానా, బోల్‌నా పట్టుకుంటే పై పాఠం ఇలా మారింది:

లక్ష్మీ బాజార్ గయీ. వహ్ చావల్ లాయీ. పతి దాల్ లాయా. లక్ష్మీ బోలీ, “దూధ్ కహాఁ హై?”

కథ జరిగిపోయినదే, ‘నే’ మాత్రం ఎక్కడా లేదు. ‘నే’ను తర్వాతి పాఠాల్లో తెస్తాను, అదీ మొదట అన్నీ స్త్రీలింగ వస్తువులతోనే: లక్ష్మీ నే దాల్ లీ, పతి నే సబ్జీ లీ. మనిషి మారినా క్రియ మారదని కంటికి అలవాటయ్యాక చావల్, దూధ్ తెస్తాను. కేలే లాంటి బహువచనం వాటి తర్వాతే. ‘నే’తోపాటు ‘కో’ కూడా వచ్చే వాక్యాలను రెండొందల మాటల దశలో ముట్టుకోను.

అపోహ: రెండు తెలిసిన మాటలు కలిస్తే కొత్త మాట కాదు.

‘ఆ గయా’ని “వచ్చాడు, వెళ్లాడు” అని చదివినవాళ్లు చాలామంది. అది మన ‘వచ్చేశాడు’. ‘లే జానా’, ‘దే దియా’ కూడా ఇలాంటివే. ఇలాంటి ప్రతి జంటనూ జాబితాలో విడిగా రాసుకోవాలి.

అపోహ: సంస్కృతం మాటలు వేస్తే తెలుగువాళ్లకు తేలిక.

హిందీ ‘శిక్షా’ చదువు, ‘అవసర్’ అవకాశం. బడి గురించిన పాఠంలో ఈ రెండూ పడితే అర్థమే తిరగబడుతుంది.

అపోహ: ఒకే జాబితా, ఒకే వరస సరిహద్దు తెలుగువాళ్లందరికీ సరిపోతుంది.

మా వైపు మరాఠీ మీడియంలో చదివినవాళ్లకు దేవనాగరి వచ్చు. భూతకాలంలో క్రియ వస్తువును బట్టి మారడం మరాఠీలోనూ ఉంది కాబట్టి వాళ్లతో ‘నే’ను కొంచెం ముందే తేవచ్చు. పర్లాకిమిడి, రాయగడ వైపు ఒడియా చదివినవాళ్లకు లిపే కొత్త, ఒడియాలో క్రియకు లింగభేదమూ లేదు. అక్కడ ‘జాతా, జాతీ’ తేడా కోసమే కొన్ని పాఠాలు కేటాయించాలి. ఒక పాఠం నిండా ఆడవాళ్లే, ఇంకోదాని నిండా మగవాళ్లే ఉండేలా రాసి, మూడోదాంట్లో ఇద్దరినీ కలిపితే బాగా పనిచేస్తుంది.